ఒకే లెక్కకి డాట్‌తో 109.5°, క్రాస్‌తో 70.5° వస్తోంది. ఏది రాయాలి?

నిఖిత_ఎంపీసీ

డిగ్రీ మొదటి ఏడాది, ఫస్ట్ సెమ్. పాత పేపర్లో ఒక లెక్క చేస్తూ ఆగిపోయాను.

A = i + 2j + 2k, B = 3i − 4j. ఈ రెండు సదిశల మధ్య కోణం ఎంత?

డాట్ ప్రోడక్ట్‌తో చేశాను:

A·B = (1)(3) + (2)(−4) + (2)(0) = −5
|A| = 3, |B| = 5
cos θ = −5/15 = −1/3, θ = 109.5°

సరిచూసుకుందామని క్రాస్ ప్రోడక్ట్‌తో కూడా చేశాను:

A×B = 8i + 6j − 10k
|A×B| = √200 = 14.14
sin θ = 14.14/15 = 0.943, θ = 70.5°

రెండు మూడు సార్లు కూడికలు చూసుకున్నా తేడా దొరకలేదు. మా హాస్టల్లో సగం మంది 70.5 అంటున్నారు, సగం మంది 109.5. అసలు రెండూ కోణమే ఇచ్చేటట్టయితే రెండు రకాల లబ్ధాలు ఎందుకు? ఏది దేన్ని కొలుస్తుందో మాటల్లో రాయమని 4 మార్కుల ప్రశ్న కూడా వస్తుందట. కొంచెం చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

పరీక్ష_రేపే

నువ్వు వరస తిరగేసి ఉంటావు. క్రాస్‌లో A×B వేరు, B×A వేరు. వరస మారితే గుర్తు మారుతుంది, అందుకే కోణం మారింది. మళ్ళీ సరైన వరసలో చెయ్యి, 109.5 వస్తుంది.

నిఖిత_ఎంపీసీ

తిరగేసి చూశాను అన్నయ్యా. −8i − 6j + 10k వచ్చింది. పరిమాణం మళ్ళీ √200. కోణం మళ్ళీ 70.5.

సాయి_జూనియర్

సింపుల్ అక్కా. డాట్ అంటే A వెంట B ఎంత ఉందో చెబుతుంది. క్రాస్ అంటే A కి లంబంగా B ఎంత ఉందో చెబుతుంది. అంటే B ని రెండు ముక్కలు చేస్తే ఒక ముక్క డాట్, రెండో ముక్క క్రాస్. మా కోచింగ్‌లో ఇలాగే చెప్పారు. 4 మార్కులకి ఇది చాలు.

పాత_సుద్దముక్క

డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయినవాణ్ణి. ముందు కోణం సంగతి తేలుద్దాం, తర్వాత సాయి మాటకి వస్తాను.

అమ్మా నిఖితా, నీ కూడికల్లో ఏ తప్పూ లేదు. క్యాలిక్యులేటర్ దగ్గరే జారింది. sin θ = 0.943 అయ్యే కోణాలు 0 నుంచి 180 లోపల రెండున్నాయి: 70.5°, 109.5°. sin⁻¹ నొక్కితే క్యాలిక్యులేటర్ ఎప్పుడూ 90 లోపు ఉన్నదే చూపిస్తుంది, రెండోది ఉందని చెప్పదు. cos కి ఈ ఇబ్బంది లేదు. 0 నుంచి 180 దాకా cos ఒక్కో విలువనీ ఒక్కసారే తీసుకుంటుంది. 90 దాటగానే రుణాత్మకం అవుతుంది. నీ డాట్ −5 అని వచ్చింది కదా, ఆ మైనస్సే ఇది గురుకోణం అని చెబుతోంది. జవాబు 109.5°.

క్రాస్ పరిమాణం ఎప్పుడూ ధనాత్మకమే కాబట్టి 70 కీ 110 కీ దానికి తేడా తెలియదు. అందుకే కోణం అడిగితే డాట్‌తో చెయ్యి. క్రాస్‌తోనే చెయ్యమని ప్రశ్నలో ఉంటే sin θ = 2√2/3 దగ్గర ఆపి, డాట్ గుర్తు చూసి కోణం రాయి.

నీ రెండు జవాబులూ ఒక లెక్కలోవే అని రుజువు కావాలంటే ఇది చూడు:

(A·B)² + |A×B|² = 25 + 200 = 225 = (3 × 5)²

cos² + sin² = 1 అన్నదే ఇది. పరీక్షలో రెండూ అడిగిన లెక్కయితే అర నిమిషంలో సరిచూసుకోవచ్చు.

మీథేన్_మల్లి

109.5 అనగానే ఆగాను. మీథేన్‌లో H–C–H కోణం కూడా 109.5°. cos అక్కడా −1/3. ప్రశ్న తయారు చేసినాయన కెమిస్ట్రీ మనిషేమో 😄

పాత_సుద్దముక్క

బాగా పట్టావు మల్లీ. సమ చతుర్ముఖి మధ్యబిందువు నుంచి నాలుగు మూలలకీ గీసిన సదిశల్లో ఏ రెండు తీసుకున్నా cos θ = −1/3 వస్తుంది. (1,1,1), (1,−1,−1) తీసుకుని డాట్ చెయ్యి: 1−1−1 = −1, పరిమాణాల లబ్ధం 3. అదే జవాబు.

ఇక సాయి చెప్పింది. బాబూ, నీ మాటలో సగం నిజం, ఆ సగం చాలా పనికొచ్చే సగం. డాట్ గురించి చెప్పింది దాదాపు సరే, కాకపోతే A పొడవుతో గుణించి ఉంటుంది. A వెంట B కి ఉన్న విక్షేపం −5/3. దాన్ని A పొడవు 3తో గుణిస్తే −5.

క్రాస్ దగ్గర పరిమాణం వరకు నీ మాట నిలుస్తుంది, దిశ దగ్గర నిలవదు. B లో A కి లంబంగా ఉన్న ముక్కని నిజంగానే లెక్కకడదాం. B లోంచి A వెంట ఉన్న భాగం తీసేస్తే:

B − (−5/9)A = (3, −4, 0) + (5/9)(1, 2, 2) = (32, −26, 10)/9

దీని పొడవు 4.714. A పొడవు 3తో గుణిస్తే 14.14, అంటే |A×B|. ఇక్కడిదాకా నువ్వు చెప్పినట్టే ఉంది. ఇప్పుడు దిశ చూడు. ఈ లంబ ముక్క (32, −26, 10) వైపు ఉంది, A×B (8, 6, −10) వైపు ఉంది. రెండింటికీ డాట్ చేస్తే 256 − 156 − 100 = 0. అంటే నువ్వు ఒకటే అనుకున్న రెండూ ఒకదానికొకటి లంబం! A×B అన్నది B లోని ముక్క కాదు. A, B రెండూ పడుకున్న తలంలోంచి బయటికి నిలబడిన వేరే సదిశ. దాని పొడవు A, B భుజాలుగా గీసిన సమాంతర చతుర్భుజ వైశాల్యం, దాని దిశ ఆ తలానికి లంబం.

సాయి_జూనియర్

కానీ సార్, ఆబ్జెక్టివ్‌లో "A×B దేన్ని కొలుస్తుంది" అంటే ఆప్షన్లలో "లంబ అంశం" అని ఉంటుంది కదా. అప్పుడు అదే టిక్ పెట్టాలా వద్దా?

పాత_సుద్దముక్క

అదే ఆప్షన్లలో "వైశాల్యం" కూడా ఉంటే అది పెట్టు. లేకపోతే నీ ఇష్టం, పేపర్ తయారు చేసినవాళ్ళ మనసులో ఏముందో నేను చెప్పలేను.

బుల్లెట్_బాబు

చదువు ఆపేసి చాలా ఏళ్ళయింది, బైక్ మెకానిక్ షెడ్ నడుపుతున్నాను. మా అబ్బాయి ఇంటర్, వాడి కోసం ఇటు వచ్చాను. నాకు అర్థం కానిది ఒక్కటి. టార్క్ రెంచ్ మీద N·m అని ఉంటుంది. వాడి పుస్తకంలో పని కూడా న్యూటన్ మీటరే, దాన్నే జౌల్ అంటారట. మరి నట్టు 30 N·m కి బిగించాను అంటే 30 జౌళ్ళ పని చేశానా? వాణ్ణి అడిగితే "ఒకటి డాట్, ఒకటి క్రాస్ నాన్నా" అని వెళ్ళిపోయాడు.

పాత_సుద్దముక్క

మీ ప్రశ్న ఈ చర్చకే కావాల్సిన ప్రశ్న బాబుగారూ. నిఖితా, నువ్వూ ఇది జాగ్రత్తగా చదువు, ఏది దేన్ని కొలుస్తుందో ఇక్కడే తేలుతుంది.

రెంచ్ పొడవు 0.3 మీటర్లు అనుకుందాం. చివర పట్టుకుని 100 న్యూటన్లతో అడ్డంగా, రెంచ్‌కి లంబంగా లాగారు. టార్క్ τ = r×F, పరిమాణం 0.3 × 100 × sin 90° = 30 N·m. ఇప్పుడు నట్టు తుప్పు పట్టి కదల్లేదనుకోండి. టార్క్ అప్పుడూ 30 ఉంది. మరి పని? చెయ్యి ఏ దూరమూ కదల్లేదు, స్థానభ్రంశం s సున్నా, W = F·s సున్నా. చెమట పట్టింది కానీ నట్టు మీద జరిగిన పని లేదు.

అదే 30 N·m టార్క్‌తో నట్టు పావు చుట్టు తిరిగిందనుకోండి. అప్పుడు పని = 30 × π/2, సుమారు 47 జౌళ్ళు. టార్క్‌ని తిరిగిన కోణంతో గుణిస్తేనే పని వస్తుంది. అందుకే టార్క్‌ని జౌళ్ళలో రాయరు.

రెండింటిలోనూ న్యూటన్‌ని మీటర్‌తో గుణించాం, కానీ ఆ మీటర్లు వేరు. పనిలో మీటర్ బలం లాగిన దిశలోనే కదిలిన దూరం. టార్క్‌లో మీటర్ నట్టు నుంచి బలం రేఖకి ఉన్న లంబ దూరం. డాట్ దిశలు ఎంత కలిశాయో చూస్తుంది, క్రాస్ ఎంత అడ్డంగా ఉన్నాయో చూస్తుంది. రెంచ్ కాడ పొడవునే లాగితే టార్క్ సున్నా, నట్టు తిరగదు, అది మీకు నాకన్నా బాగా తెలుసు.

బుల్లెట్_బాబు

కాడ పొడవునా లాగడం కొత్త కుర్రాళ్ళు చేసే పనే. రెంచ్ జారి వేళ్ళు పగులుతాయి. ఇప్పుడు అర్థమైంది. ఇంకోటి, రెంచ్‌ని 30 డిగ్రీల్లో లాగినా 150 లో లాగినా బలం ఒకేలా పడుతుంది, అది ఎందుకు?

పాత_సుద్దముక్క

నిఖిత లెక్కలో జరిగిందే ఇక్కడా జరుగుతోంది. sin 30° = sin 150° = 0.5, రెండింటిలోనూ టార్క్ 15 N·m. 30 అయితే బలంలో మిగిలిన భాగం కాడ వెంట బయటికి లాగుతుంది, 150 అయితే నట్టు వైపు నెడుతుంది. తిప్పడానికి ఆ తేడా అక్కర్లేదు కాబట్టి క్రాస్ దాన్ని పట్టించుకోదు. ఆ తేడా చెప్పేది డాట్ గుర్తే.

దిశ సంగతి కూడా మీ షెడ్‌లోనే ఉంది. మామూలు నట్టుని ఎదురుగా నిలబడి గడియారానికి ఎదురు దిశలో తిప్పితే ఊడి మీ వైపు వస్తుంది. r×F దిశ కూడా మీ వైపే. పుస్తకంలో కుడిచేతి మర నియమం అని ఉండేది అదే.

కోడ్_కత్తి

గేమ్ ప్రోగ్రామింగ్ చేస్తాను. రోజూ ఇవే రెండు వాడతాం కాబట్టి ఒక మాట. "కోణం కావాలంటే డాట్" అన్నది పరీక్షకి సరే, అన్నిచోట్లా కాదు. కోణం చాలా చిన్నదైతే డాట్ మోసం చేస్తుంది. 1° కి cos విలువ 0.99985. మూడు దశాంశాలకి కుదిస్తే 1.000, కోణం సున్నా అయిపోతుంది. అదే sin 1° = 0.01745, మూడు దశాంశాలకి కుదించినా 0.017, కోణం కనిపిస్తుంది. 90 దగ్గర తిరగబడుతుంది: 89 కీ 91 కీ sin ఒకటే, cos మాత్రం గుర్తుతో సహా వేరు.

అందుకే మేం రెండూ కలిపి వాడతాం:

```
from math import atan2, hypot, degrees
dot = -5
cross = (8, 6, -10)
print(degrees(atan2(hypot(*cross), dot)))
```

109.47 వస్తుంది. atan2 కి క్రాస్ పరిమాణం, డాట్ రెండూ ఇస్తే 0 నుంచి 180 దాకా ఎక్కడా తడబడదు, పరిమాణాలతో భాగించే పని కూడా లేదు.

పరీక్ష_రేపే

ఇవన్నీ హాల్లోకి తీసుకెళ్ళలేం బ్రదర్. ఇంపార్టెంట్ ఏంటో చెప్పండి. "A×B = A×C అయితే B = C అవుతుందా" అని వస్తుందట. A సున్నా కాదు కాబట్టి రెండు వైపులా కొట్టేసి B = C అని రాస్తే సరిపోతుందా?

నిఖిత_ఎంపీసీ

కొట్టెయ్యకూడదు అనుకుంటా. A×(B − C) = 0 అంటే B − C సున్నా కావచ్చు, లేదా A కి సమాంతరం కావచ్చు. పై లెక్కలో C = B + A = (4, −2, 2) తీసుకుని చూశాను. A×C చేస్తే 8i + 6j − 10k, అచ్చంగా అదే! B వేరు, C వేరు, క్రాస్ ఒకటే. A×A సున్నా కాబట్టి అలా వచ్చినట్టుంది.

డాట్ మాత్రం మారింది: A·C = 4 − 4 + 4 = 4. ముందు −5.

పాత_సుద్దముక్క

శభాష్ తల్లీ. 4 మార్కులకి ఆ ఉదాహరణ ఒక్కటి రాసినా చాలు. దీన్నే ఇంకొంచెం లాగు. డాట్ ఒక్కటే సమానమైనా B = C అని చెప్పలేం, అప్పుడు B − C అన్నది A కి లంబంగా ఉండొచ్చు. క్రాస్ ఒక్కటే సమానమైతే సమాంతరంగా ఉండొచ్చు. రెండూ సమానమైతే? B − C ఒకేసారి A కి లంబం, సమాంతరం కూడా అవ్వాలి. సున్నా సదిశ తప్ప ఇంకేదీ అలా ఉండదు. కాబట్టి అప్పుడు B = C. రెండు లబ్ధాలు ఎందుకని మొదట అడిగావే, జవాబు ఇదే: ఒకటి చూడనిది ఇంకొకటి చూస్తుంది.

ఫిజిక్స్‌లో దీని అర్థం: బలం ప్రయోగించే బిందువుని బల రేఖ వెంటే ముందుకో వెనక్కో జరిపితే r మారుతుంది, r×F మారదు.

చరిత్ర ఇష్టమైతే ఒక్క ముక్క. 1843లో డబ్లిన్‌లో హామిల్టన్ క్వాటర్నియన్లు కనిపెట్టినప్పుడు ఇవి రెండు కాదు, ఒకటే లబ్ధం. నీ A, B లను ఆయన పద్ధతిలో గుణిస్తే ఒకేసారి 5 + 8i + 6j − 10k వస్తుంది. మొదటి ముక్క −A·B, మిగిలింది A×B. ఆ తర్వాత 1880ల్లో యేల్‌లో గిబ్స్ తన విద్యార్థుల కోసం రెండింటినీ విడగొట్టి వేర్వేరుగా రాశాడు. మనం పరీక్షలో రాసేది గిబ్స్ పద్ధతే.

మీథేన్_మల్లి

నాకు ఎప్పుడూ క్రాస్‌లో j గుర్తు తప్పుతుంది. నిఖితలా +6 రాదు, −6 వస్తుంది. పట్టుకోవడానికి మార్గం ఉందా?

కోడ్_కత్తి

వచ్చిన సదిశని A తో డాట్ చెయ్యండి, సున్నా రావాలి. సరైనదానికి 8 + 12 − 20 = 0. మీ −6 తో చేస్తే 8 − 12 − 20 = −24, దొరికిపోయింది. B తో కూడా చేస్తే మంచిది: 24 − 24 + 0 = 0.

ఒక హెచ్చరిక, ఇది మొత్తం గుర్తు తిరగబడితే పట్టుకోదు. B×A రాసినా సున్నాయే వస్తుంది. దానికి కుడిచేతి వేళ్ళే దిక్కు.

సాయి_జూనియర్

సార్ ఒక డౌట్. కుడిచెయ్యి అని మనం ఒప్పుకున్నాం కాబట్టి దిశ అలా వచ్చింది. ఎడమచెయ్యి అనుకుంటే తిరగబడుతుంది. మరి అది నిజంగా ఉన్న సదిశేనా, మనం పెట్టుకున్నదా? అద్దంలో చూస్తే ఏమవుతుంది?

పాత_సుద్దముక్క

లెక్క వేద్దాం. x దిశని తిప్పే అద్దం పెట్టు. A = (−1, 2, 2), B = (−3, −4, 0) అవుతాయి. డాట్ 3 − 8 + 0 = −5, మారలేదు. క్రాస్ మళ్ళీ లెక్కకడితే (8, −6, 10). కానీ అసలు (8, 6, −10) ని మామూలు సదిశలా అద్దంలో చూస్తే (−8, 6, −10) రావాలి. రెండూ సరిగ్గా ఎదురెదురు! కాబట్టి A×B మామూలు సదిశలా నడుచుకోదు. ఇలాంటివాటిని అక్షీయ సదిశలు అంటారు, టార్క్, కోణీయ ద్రవ్యవేగం ఈ కోవలోవే.

కోడ్_కత్తి

అసలు దాన్ని సదిశ అనడమే తప్పంటాను. అది దిశ ఉన్న వైశాల్యం. మూడు కొలతల్లో ఒక తలానికి ఒకే ఒక లంబ రేఖ ఉంటుంది కాబట్టి బాణంలా గీసి నెట్టుకొస్తున్నాం. నాలుగు కొలతల్లో తలానికి లంబంగా ఒక తలమే ఉంటుంది, ఏ బాణం గీస్తారు? డాట్‌కి ఎన్ని కొలతలైనా ఇబ్బంది లేదు.

పాత_సుద్దముక్క

మొదటి ఏడాది పిల్లలకి బాణం చాలు బాబూ. టార్కులు రెండుంటే బాణాల్లా కూడితే సరైన జవాబే వస్తోంది కదా, ఇక సదిశ కాదనడం ఎందుకు?

కోడ్_కత్తి

కూడితే రావడం వేరు, అద్దంలో నిలవడం వేరు సార్. మీరే ఇప్పుడు లెక్క వేసి చూపించారు.

నిఖిత_ఎంపీసీ

మీరిద్దరూ కానివ్వండి, నేను మధ్యలో ఒకటి అడుగుతాను. A·(A×B) ఎప్పుడూ సున్నా అని అర్థమైంది. మరి మూడో సదిశ C తెచ్చి C·(A×B) చేస్తే వచ్చే అంకె వైశాల్యం ఇంటూ ఎత్తు, అంటే ఘనపరిమాణమేనా? మైనస్ వస్తే ఘనపరిమాణం మైనస్ అని రాయాలా?

పరీక్ష_రేపే

మాడ్యులస్ పెట్టి రాసెయ్. మైనస్ అయితే C తలానికి అవతలి వైపు ఉందన్నమాట, మా లెక్చరర్ అదే చెప్పారు. 6 తో భాగిస్తే చతుర్ముఖి కూడా వస్తుంది, అది గ్యారంటీ ప్రశ్న.